లారీ నాగపూర్ దాటింది, కొన్నవాడు చేతులెత్తేశాడు

గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి ఢిల్లీ పార్టీకి 300 బస్తాల ఎండుమిర్చి అమ్మాడనుకుందాం. బస్తాకు 40 కిలోలు, క్వింటా 15 వేలు, వెరసి 18 లక్షలు. అడ్వాన్సుగా 3 లక్షలు అందాయి. మిగతా 15 లక్షలకు నెల రోజుల గడువు ఇచ్చాడు. 200 బస్తాలు ట్రాన్స్‌పోర్టు కంపెనీ లారీలో బయలుదేరాయి. మరో లారీ దొరక్క 100 బస్తాలు ఇంకా అతని గోడౌన్‌లోనే ఉన్నాయి. లారీ నాగపూర్ దాటాక ఢిల్లీ నుంచి తెలిసిన బ్రోకరు ఫోన్ చేశాడు: "మీ పార్టీ చెక్కులన్నీ వెనక్కొస్తున్నాయి. రెండు రోజులుగా కొట్టు తియ్యలేదు."

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, కొన్నవాడికి ఫోన్ మీద ఫోన్ చేస్తూ కూర్చోవడం. ఆలోగా లారీ ఢిల్లీ చేరిపోతుంది, బస్తాలు దిగిపోతాయి. ఆ తర్వాత అవి అప్పులవాళ్లందరికీ ఉమ్మడి ఆస్తిలో కలిసిపోతాయి. సరుకు పంపినవాడు కూడా వాళ్లలో ఒకడై, ఏ తాకట్టూ లేని బాకీదారుల వరసలో, రూపాయికి ఎన్ని పైసలొస్తాయా అని ఎదురుచూడాలి. ఆ గతి పట్టకుండానే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం డబ్బు అందని అమ్మకందారుకు రెండు హక్కులిచ్చింది. బిల్లు రాసేశాక సరుకు కొన్నవాడిదే కదా అని మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. యాజమాన్యం కొన్నవాడికి మారిపోయినా ఈ హక్కులు ఉంటాయని చట్టం తేటగా చెబుతోంది.

గోడౌన్‌లోని 100 బస్తాల సంగతి తేలిక. వాటి మీద ఉన్నది లియన్, అంటే ధర చేతికొచ్చేదాకా సరుకు వదలకుండా పట్టి ఉంచుకునే హక్కు. మామూలుగా గడువు ఇచ్చినవాడు ఆ గడువు తీరేదాకా సరుకు బిగబట్టకూడదు. కానీ కొన్నవాడు దివాలా తీస్తే, నెల గడువులో వారమే గడిచినా, లియన్ పుట్టుకొస్తుంది. 3 లక్షలు ముట్టాయి కదా అంటే కుదరదు. పూర్తి ధర అందనంతవరకు అతను డబ్బు అందని అమ్మకందారే. సగానికి పైగా సరుకు పంపించేశాడన్నా, మిగిలిన బస్తాల మీద హక్కు ఉండనే ఉంటుంది, ఆ పంపడంలోనే హక్కు వదులుకున్నట్టు కనిపిస్తే తప్ప. ఒక్క పరిమితి: ఈ హక్కు ధర కోసమే. ఆపుకున్నన్నాళ్ల గోడౌన్ అద్దె కూడా ఇస్తేగానీ వదలనంటే చెల్లదు.

రైతుకు తన జేబులోంచి డబ్బు కట్టిన కమీషన్ ఏజెంటుకూ ఈ హక్కులు దక్కుతాయి. ధరకు తానే పూచీపడినవాణ్ణి చట్టం అమ్మకందారు స్థానంలోనే చూస్తుంది. మన యార్డుల్లో ఈ ముక్క తెలిసినవాళ్లు తక్కువగా ఉండటం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే పార్టీ మునిగినప్పుడు మొదట దెబ్బ తినేది వాళ్లే.

అసలు చిక్కు లారీలోని 200 బస్తాలతో. ట్రాన్స్‌పోర్టుకు అప్పగించగానే లియన్ పోయింది. దాని స్థానంలో దారిలో సరుకు ఆపే హక్కు వస్తుంది. ఇది దివాలా ఉంటేనే పనిచేస్తుంది. పార్టీ డబ్బు ఆలస్యం చేస్తున్నాడనో, ధర తగ్గించమని పేచీ పెడుతున్నాడనో లారీ ఆపితే, నష్టపరిహారం ఎదురు కట్టాల్సి వస్తుంది. అయితే కోర్టులో ఐపీ పెట్టేదాకా ఆగనక్కర్లేదు. మామూలు వ్యాపార క్రమంలో బాకీలు తీర్చడం మానేసినా, గడువు తీరిన బాకీ కట్టలేకపోయినా ఈ చట్టం లెక్కలో దివాలానే. కాబట్టి బ్రోకరు మాట ఒక్కటే పట్టుకోకుండా, చెక్కు వెనక్కొచ్చిన బ్యాంకు మెమో ఫొటోనో, బాకీ రావాల్సిన మరో వ్యాపారి రాతనో ఆ పూటే తెప్పించుకోవాలి.

తర్వాత ట్రాన్స్‌పోర్టు కంపెనీకి నోటీసు. ఇదే ఫారంలో ఉండాలని చట్టం చెప్పలేదు. ఎల్ఆర్ నంబరు, లారీ నంబరు, బస్తాల లెక్క, ఎవరి పేరున పంపామో రాసి, కొన్నవాడు దివాలా స్థితిలో ఉన్నాడు, డెలివరీ ఇవ్వొద్దు, సరుకు నాకు తిప్పి పంపండి అంటే చాలు. ఫోన్ చేసి, వెంటనే ఈమెయిల్, వాట్సాప్‌లలో పంపితే రుజువు మిగులుతుంది. నోటీసు డ్రైవరుకైనా ఇవ్వొచ్చు, హెడ్డాఫీసుకైనా ఇవ్వొచ్చు. ఆఫీసుకిస్తే మాత్రం, వాళ్లు శ్రద్ధగా కదిలితే డ్రైవరుకు కబురు అందేంత వ్యవధి ఉండాలి. లారీ బస్తాలు దింపుతుండగా గుంటూరు ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, మేం ఆపమన్నాం కదా అంటే నిలవదు. వ్యవధి ఉండి కూడా ట్రాన్స్‌పోర్టు కొన్నవాడికే సరుకు ఇచ్చేస్తే ఆ నష్టానికి వాళ్లు బాధ్యులు. తిరుగు కిరాయి మాత్రం ఆపమన్నవాడిదే, పాత కిరాయి బాకీ ఉంటే అదీ తీర్చాలి.

దారి ఎక్కడ ముగుస్తుందన్నదే కోర్టుల్లో ఎక్కువగా నలిగే ప్రశ్న. లారీ ఢిల్లీ చేరినంత మాత్రాన ముగియదు. బస్తాలు ట్రాన్స్‌పోర్టు గోడౌన్‌లో దిగినా, కొన్నవాడు తీసుకోనంతవరకు అవి దారిలో ఉన్నట్టే. కానీ అతను ఫోన్ చేసి "నా తరఫున నాలుగు రోజులు మీ దగ్గరే ఉంచండి" అని, ట్రాన్స్‌పోర్టువాళ్లు సరేనన్నారా, సరుకు కదలకపోయినా దారి అక్కడితో సరి. ముందే పసిగట్టి ఆగ్రాలో లారీకి ఎదురెళ్లి దింపించుకున్నా అంతే. అతను సొంత లారీ పంపి సరుకు ఎత్తించుకుని ఉంటే గుంటూరులోనే అప్పగింత అయిపోయినట్టు, ఈ హక్కు మొదలే కాదు.

ఇంకో గండం కాగితంతో వస్తుంది. సరుకు మీద హక్కు చెప్పే కాగితాన్ని కొన్నవాడు మూడో మనిషికి రాసిచ్చి, ఆ మనిషి ఈ గొడవేమీ తెలియక సొమ్ము పోసి కొంటే, అమ్మకందారు ఆపలేడు. 1787లో ఇంగ్లండ్ కోర్టు లిక్‌బారో, మేసన్ల కేసులో ఓడ సరుకు గురించి తీర్పిచ్చింది ఇదే. తాకట్టు పెట్టి ఉంటే హక్కు పూర్తిగా పోదు, తాకట్టు బాకీ తర్వాతి స్థానానికి దిగుతుంది. రైల్వే రసీదును అలాంటి కాగితంగా చట్టమే పేరు పెట్టి చెప్పింది. ఎల్ఆర్ విషయంలో దాని మీది షరతులనూ వాడుకనూ బట్టి వాదన నడుస్తుంది. అందుకే పార్టీ మీద గురి లేనప్పుడు అసలు ఎల్ఆర్ నేరుగా పంపకుండా, సొమ్ము కట్టాకే ఇవ్వమని బ్యాంకు ద్వారా పంపడం మేలు.

సరుకు వెనక్కొచ్చినంత మాత్రాన బేరం రద్దు కాదు. కొన్నవాడో, అతని ఆస్తి చూసే కోర్టు అధికారో 15 లక్షలూ కడితే ఇచ్చెయ్యాల్సిందే. వేరేవాళ్లకు అమ్మదలిస్తే ముందు నోటీసు ఇచ్చి, డబ్బు కట్టడానికి సబబైన వ్యవధి ఇవ్వాలి. టమాటాల్లాంటి సరుకైతే నోటీసు అక్కర్లేదు గానీ ఎండుమిర్చికి ఆ మినహాయింపు అడగడం కష్టం. ఇప్పుడు మార్కెట్ 13 వేలకు పడిపోయిందనుకోండి, 120 క్వింటాళ్లకు 15 లక్షల 60 వేలు వస్తాయి. ధరలో తరుగు 2 లక్షల 40 వేలు, తిరుగు కిరాయి తదితర ఖర్చులు 50 వేలు. చేతిలో ఉన్న 3 లక్షల్లోంచి ఈ 2 లక్షల 90 వేలు మినహాయించుకుని 10 వేలు తిరిగి లెక్కచెప్పాలి. నోటీసు ఇవ్వకుండా అమ్మేస్తే ఆ తరుగు అడిగే హక్కు ఉండదు, ధర పెరిగి లాభమొస్తే అది కొన్నవాడికే చెందుతుంది.