వేసవి శిబిరం ప్రకటన: నాలుగు వివరాలు, ఒకే లెక్క

ఏప్రిల్ నెలలో అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పిల్లల వేసవి శిబిరాల ప్రకటనలు మొదలవుతాయి. ఫ్లెక్సీ మీదైనా, వాట్సాప్‌లోనైనా వాటిలో సాధారణంగా నాలుగు సంగతులు ఉంటాయి. అవి తేదీలు, వయసు, జాగ్రత్తలు, నమోదు. చాలా ప్రకటనల్లో వీటిని దేనికది విడిగా రాస్తారు. నిజానికి ఈ నాలుగూ ఒకే లెక్కలోని అంకెలు. తేదీని బట్టి వేళ తేలుతుంది. వయసును బట్టి ఎంతమంది పెద్దవాళ్లు కావాలో తెలుస్తుంది. ఆ సంఖ్యను బట్టి ఎన్ని సీట్లు ఇవ్వవచ్చో, నమోదు ఎప్పుడు ఆపాలో నిర్ణయమవుతాయి.

ముందు తేదీల సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో ఇటీవల బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు ఇస్తున్నారు. ఈ ఏడు వారాలూ ఒక్కలా ఉండవు. మే చివర్లో రోహిణి కార్తె వస్తుంది. అందుకే ఆరుబయట ఆటలుండే శిబిరానికి సెలవుల మొదటి రెండు మూడు వారాలే నయం.

కోనసీమ ఎండకు ఇంకో గుణం ఉంది. ఒంటి మీది చెమట ఆరుతున్నప్పుడే శరీరం చల్లబడుతుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుంది గానీ త్వరగా ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది. భారత వాతావరణ శాఖ కూడా ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటుంది. మైదాన ప్రాంతంలో వడగాలి (సాధారణం కంటే బాగా ఎక్కువైన వేడి) ప్రకటించాలంటే ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాలి. తీర ప్రాంతంలో 37 డిగ్రీలు చేరితే చాలు. రెండు చోట్లా సాధారణంగా అది మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువగా కూడా ఉండాలి. కాబట్టి అమలాపురంలో ‘ఇంకా 38 డిగ్రీలే కదా’ అనుకోకూడదు.

ప్రకటనలో తేదీ పక్కనే వేళ ఉండాలనేది ఇందుకే. ఉదయం 7 నుంచి 10 వరకు అని ఉంటే ఆటలు పెట్టుకోవచ్చు. 10 నుంచి సాయంత్రం 4 వరకు అని ఉంటే ఆ సమయమంతా పైకప్పు కింద, గాలి ఆడే చోట గడవాలి. పిల్లవాడికి తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే ఆట ఆపి నీడకు చేర్చి నీళ్లు పట్టాలి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా తడి గుడ్డలతో, విసనకర్రతో ఒళ్లు చల్లబరచాలి. స్పృహ లేని పిల్లల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇక నీటి సంగతి. కోనసీమ చుట్టూ గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు, మధ్యలో పంట కాలువలు ఉన్నాయి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. నీరు తగ్గింది కాబట్టి భయం లేదనిపిస్తుంది. కానీ కాలువ గుంతల్లో నీరు నిలిచే ఉంటుంది. నదిలోనైతే మోకాలి లోతు ఇసుక మీద నడుస్తూ ఒక్క అడుగు వేస్తే నిలువెత్తు లోతు రావచ్చు. 2025 మే 26న ముమ్మిడివరం మండలం కమినిలంక దగ్గర గోదావరిలోకి దిగిన ఎనిమిది మంది యువకులు మునిగిపోయారు. మునుగుతున్న పిల్లవాడు అరుస్తాడని, చేతులు ఊపుతాడని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. ఊపిరి అందని గొంతులోంచి కేక రాదు. ఒడ్డున ఉన్నవాళ్లకు తెలిసేలోపే పిల్లవాడు నీటి అడుగుకు పోతాడు.

అందువల్ల ‘అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం’ అనే వాక్యం ఎవరికీ పనికిరాదు. ‘పిల్లలను నదికి, కాలువకు, సముద్రానికి తీసుకెళ్లం’ అని రాస్తే అర్థం తేలిపోతుంది. ఈత నేర్పే శిబిరమైతే కొలనులో లోతెంత, ఒకసారి ఎంతమందిని దించుతారు, గట్టు మీద కాపలాకే ఉండే మనిషి ఎవరు అన్నవి చెప్పాలి. ఈత నేర్పే మాస్టారు, కాపలా మనిషి ఒక్కరే కాకూడదు. ఒకరికి నేర్పుతున్న మనిషి కళ్లు మిగతావారి మీద ఉండవు.

వయసు దగ్గరికి వద్దాం. ‘5 నుంచి 15 ఏళ్లు’ అని ఒకే వరుసలో రాస్తే, ఐదేళ్ల పిల్ల, పదిహేనేళ్ల అబ్బాయి ఒకే మైదానంలో ఉంటారు. ఆ అబ్బాయి వేసిన బంతి ఆ పిల్లకు దెబ్బే. చిన్నపిల్లలు దాహాన్ని, నొప్పిని సరిగ్గా చెప్పలేరు కాబట్టి పెద్దలే కనిపెట్టి చూడాలి. అమెరికా శిబిరాల సంఘం ఇందుకు ఒక లెక్క పెట్టింది. పగటి శిబిరాల్లో 6 నుంచి 8 ఏళ్ల పిల్లలు 8 మందికి ఒక పెద్ద, 9 నుంచి 14 ఏళ్లవారు 10 మందికి ఒక పెద్ద ఉండాలి. ఇక్కడ అది చట్టం కాదు. కొలబద్దగా మాత్రం వాడుకోవచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. అమలాపురంలో ఒక బడి ఆవరణలో శిబిరం పెట్టాలనుకున్నారు. పనిచేసేందుకు ఎనిమిది మంది పెద్దలు దొరికారు. గేటు దగ్గర ఒకరు ఉండాలి. ప్రథమ చికిత్స చూసుకుంటూ, ఎవరైనా రాకపోతే ఆ స్థానంలో నిలబడటానికి ఇంకొకరు కావాలి. పిల్లలతో ఉండేవారు ఆరుగురు మిగిలారు. 6–8 ఏళ్ల జట్టుకు ఇద్దరిని పెడితే 16 మంది పిల్లలు. 9–11 ఏళ్లకు ఇద్దరైతే 20 మంది. 12–14 ఏళ్లకు ఇద్దరైతే మరో 20 మంది. మొత్తం సీట్లు 56. యాభై ఏడో దరఖాస్తు తీసుకున్న రోజునే ఈ ఏర్పాటు చెడుతుంది.

నమోదుకు గడువు ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. శిబిరం మొదలుకావడానికి వారం ముందు నమోదు ఆపితే జట్లు విడదీసి, ప్రతి ఇంటికీ ఫోన్ చేయవచ్చు. దరఖాస్తులో పుట్టిన తేదీ, ఉబ్బసం, మూర్ఛ, పడని తిండి, వాడే మందులు, పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చే ఇద్దరి పేర్లు ఉండాలి. ఆ ఇద్దరు కాక మూడో మనిషి వస్తే ఇంటికి ఫోన్ చేశాకే పంపాలి. ఏ పెద్దవారూ ఒక పిల్లతో గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం కూడా ముందే పెట్టుకోవాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

ఈ వివరాలన్నీ కలిపితే ప్రకటన ఇలా తయారవుతుంది:

పిల్లల వేసవి శిబిరం, అమలాపురం
2026 ఏప్రిల్ 27 సోమవారం నుంచి మే 9 శనివారం వరకు (ఆదివారం సెలవు)
ఉదయం 7 నుంచి 10 వరకు
ఏప్రిల్ 27 నాటికి నిండిన వయసు ప్రకారం: 6–8 ఏళ్లు 16 సీట్లు, 9–11 ఏళ్లు 20, 12–14 ఏళ్లు 20
జట్టుకు ఇద్దరు పెద్దలు. ప్రథమ చికిత్స ఉంది. నది, కాలువ, సముద్రం దగ్గరకు తీసుకెళ్లం.
వడగాలి హెచ్చరిక వస్తే ఆ రోజు ఆటలు ఉండవు.
నమోదుకు చివరి తేదీ ఏప్రిల్ 20. సీట్లు నిండితే అంతకుముందే ఆపుతాం.
రుసుము, మానుకుంటే తిరిగి ఇచ్చే మొత్తం, స్థలం చిరునామా, రెండు ఫోన్ నంబర్లు

సంవత్సరం, వారం పేరు రాయడం చాదస్తం కాదు. నిరుటి పోస్టరే వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతుంటే పట్టుకోవడానికి అదే దారి. క్యూఆర్ కోడ్‌తో డబ్బు కట్టేటప్పుడు ఫోన్ తెర మీద వచ్చిన పేరు, నిర్వాహకుల పేరు ఒకటేనా అని చూసుకోవాలి.

మీ చేతికి వచ్చిన ప్రకటనలో వీటిలో ఏదైనా లేకపోతే ఫోన్ చేసి అడగండి. మా పిల్లవాడి జట్టులో ఎంతమంది, వాళ్లతో ఎవరుంటారు, నీటి దగ్గరకు తీసుకెళ్తారా అన్న మూడు ప్రశ్నలు చాలు. లెక్క వేసుకున్న నిర్వాహకులు అప్పటికప్పుడే జవాబు చెప్పగలరు. చెప్పలేకపోతే డబ్బు కట్టకండి.