ఒకే గదికి ఇద్దరు: మీటింగ్ రూమ్ అడిగి తీసుకునే తీరు

ఆఫీసులో ఒకే మీటింగ్ రూమ్‌కి ఒకే సమయంలో రెండు బుకింగులు కనిపిస్తే, ఇద్దరిలో ఒకరు రెండోవారిని గది వదలమని అడగక తప్పదు. అడిగే ముందు తేలాల్సిన విషయం ఒకటుంది: గది నిజానికి ఎవరి పేరున ఉంది? చాలాసార్లు ఇద్దరూ గది తమదేనని మనస్ఫూర్తిగా నమ్ముతుంటారు. అది తేల్చుకోకుండా నోరు విప్పితే, హక్కుగా అడగాల్సినవారు బతిమాలతారు, సాయంగా అడగాల్సినవారు దబాయిస్తారు.

అవుట్‌లుక్ వాడే ఆఫీసుల్లో ప్రతి గదికీ సొంత క్యాలెండర్ ఉంటుంది. ఆహ్వానంలో గదిని చేర్చి పంపితే, మనుషుల్లాగే గది కూడా సరేననో కుదరదనో జవాబిస్తుంది. ముందే వేరేవారు తీసుకుని ఉంటే కుదరదని మెయిల్ వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. గది కాదన్నా మీటింగ్ రద్దు కాదు. ఆహ్వానంలో స్థలం దగ్గర గది పేరు అలాగే ఉండిపోతుంది. ఆ మెయిల్ చదవనివారు, వారు పిలిచినవారు అందరూ గది తమకు దొరికిందనే అనుకుంటారు. కాబట్టి తన క్యాలెండర్‌లో గది పేరు ఉండటం రుజువు కాదు. గది క్యాలెండర్ తెరిచి, ఆ గంటలో ఎవరి పేరుందో చూడాలి. గది సెట్టింగులను బట్టి అక్కడ మీటింగ్ విషయానికి బదులు, దాన్ని ఏర్పాటు చేసినవారి పేరు కనిపించవచ్చు. ఎవరిని అడగాలో ఆ పేరే చెబుతుంది.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఇలాంటి గొడవ ఎక్కువగా రాజుకునే కాలం నవంబరు మొదటి వారం. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తాయి. మన దగ్గర ఆ మార్పు లేదు. డల్లాస్‌లో ఉన్నవారు ఉదయం 8:30కి పెట్టుకున్న కాల్ వేసవి కాలమంతా ఇక్కడ రాత్రి 7 గంటలకు వస్తుంది. గడియారం మారాక అదే కాల్ రాత్రి 8కి జరుగుతుంది. దానితోపాటు గది బుకింగ్ కూడా జరుగుతుంది.

2025 నవంబరు లెక్కతోనే ఒక ఉదాహరణ చూడవచ్చు. డల్లాస్ మేనేజర్ ఒకరు ఆగస్టులో, జనవరి దాకా ప్రతి సోమవారం కాల్ పెట్టి, హైదరాబాద్‌లో పన్నెండు కుర్చీల గదిని అందులో చేర్చారు. ఇక్కడి మరో బృందం సెప్టెంబరు నుంచి నవంబరు 10 దాకా ప్రతి సోమవారం రాత్రి 8కి లండన్ క్లయింటుకు డెమో పెట్టుకుని అదే గదిని అడిగింది. అక్టోబరు దాకా అడ్డు లేదు. నవంబరు 2న డల్లాస్ గడియారం మారుతుంది కనుక 3, 10 తేదీల్లో రెండూ ఢీకొంటాయి. కొన్ని తేదీలు కలవకపోయినా మిగతావి ఒప్పుకునేలా గదిని సెట్ చేసి ఉంటే, అది ఆ రెండు రోజులు మాత్రం కుదరదని సెప్టెంబరులోనే మెయిల్ పంపి ఉంటుంది. డెమో బృందం లీడ్ దాన్ని అక్టోబరు 30న, గురువారం చూశారు. గది డల్లాస్ వారిది. కాబట్టి ఇక్కడ చేయాల్సింది సాయం కోరడం.

ఎవరిని కోరాలి? బుకింగ్ డల్లాస్ మేనేజర్ పేరున ఉంది. గదిలో కూర్చునేది మాత్రం హైదరాబాద్‌లోని నలుగురు. వారిని దాటేసి డల్లాస్‌కు మెయిల్ కొట్టడం పెద్ద పొరపాటు. పక్క వరసలో కూర్చునే మనిషికి తన గది పోయిందని సముద్రం అవతలి నుంచి తెలియడం కంటే బాధ ఉండదు. ముందు ఇక్కడి లీడ్‌తో విడిగా మాట్లాడాలి. పదిమంది ఉన్న గ్రూపులో అడిగితే, ఒప్పుకున్నా కాదన్నా అందరి ముందే అవుతుంది. సందేశం ఇలా ఉండవచ్చు:

“గుడ్ మార్నింగ్ అండీ. వచ్చే సోమవారం, ఆ పై సోమవారం రాత్రి 8 నుంచి 9 దాకా అయిదో అంతస్తు పెద్ద రూమ్ మీ డల్లాస్ కాల్ పేరున ఉంది. బుకింగ్ మీదే. అక్కడ టైమ్ మారడంతో మీ కాల్ 8కి వస్తోంది, మేం ముందే గమనించలేదు. అదే టైమ్‌కి మాకు లండన్ డెమో ఉంది. తొమ్మిది మందిమి కూర్చోవాలి, పెద్ద స్క్రీన్ కావాలి. నాలుగో అంతస్తులో నలుగురు పట్టే రూమ్ ఆ రెండు రోజులకూ పట్టి ఉంచాను. మీకు అది సరిపోతే పెద్ద రూమ్ మాకు ఇవ్వగలరా? కుదరకపోతే మొహమాటపడకండి, డెమో వేరేగా చూసుకుంటాం. రేపు మధ్యాహ్నంలోగా చెబితే చాలు.”

“బుకింగ్ మీదే” అని ముందే ఒప్పుకోవడం వల్ల ఎదుటివారు తమ హక్కును కాపాడుకునే పనిలో పడరు. కావలసిన రెండు తేదీలూ, గంటా స్పష్టంగా ఉన్నాయి కనుక ఎంత వదులుకుంటున్నారో వారికి తెలుసు. అన్నిటికంటే బరువైనది పట్టి ఉంచిన చిన్న గది. ప్రత్యామ్నాయం వెతికే శ్రమ అడిగేవారే పడ్డారు. అందులో నలుగురూ నిజంగా పడతారా, కాల్‌కు కావలసిన స్క్రీన్ ఉందా అన్నది అడగకముందే వెళ్లి చూసి రావాలి. “ఖాళీ చేయండి” అనకుండా “ఇవ్వగలరా” అనడంలోనూ తేడా ఉంది. మొదటి మాట అద్దె ఇంటి నుంచి పంపేసినట్టు వినిపిస్తుంది. ఇక “మేడమ్ అడగమన్నారు” అని పైవారి పేరు వాడితే గది దొరకవచ్చు గానీ, కాదనే దారి మూసేసినట్టే. అడిగేవారే పైస్థాయిలో ఉంటే ఈ జాగ్రత్త మరీ అవసరం. జూనియర్ నోట “సరే సార్” అన్న మాట ఎప్పుడూ సమ్మతి కాకపోవచ్చు.

ఒప్పుకున్న తర్వాత కూడా పని మిగిలే ఉంటుంది. ఇక్కడి లీడ్ ఆ మీటింగ్‌కు అతిథి మాత్రమే, గదిని తీసే వీలు వారికి ఉండదు. డల్లాస్ మేనేజర్ ఆ రెండు తేదీలను మాత్రమే విడిగా తెరిచి, గది పేరు తొలగించి, మార్పును పంపాలి. పొరపాటున మొత్తం వరసలో తీసేస్తే జనవరి దాకా వారి గది పోతుంది. ఆ పని శుక్రవారమే జరగాలి. సోమవారం రాత్రి ఏడున్నరకు గుర్తొస్తే డల్లాస్‌లో అప్పటికి ఉదయం 8 గంటలే.

గది ఖాళీ అయినంత మాత్రాన సెప్టెంబరులో కాదన్న జవాబు తనంతట తాను మారదు. డెమో బృందం ఆ తేదీలకు గదిని మళ్లీ అడగాలి. ఈ మధ్యలో మూడోవారు వచ్చి తీసుకునే ప్రమాదం ఉంది. అందుకే గది తీసే వేళ ముందే చెప్పుకుని, తీసిన నిమిషంలోనే బుకింగ్ పంపడం మంచిది. గది ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చాకే క్లయింటు డెమోకు వచ్చేవారికి చెప్పాలి. చిన్న గది అడిగినవారి పేరునే ఉంటుంది కనుక, ఎవరైనా ప్రశ్నిస్తే తన పేరు చెప్పమని ఇక్కడి లీడ్‌కు రాసి ఇవ్వాలి.

సమయం మించి, తలుపు దగ్గరే విషయం బయటపడితే పద్ధతి వేరు. లోపల క్లయింటు తెరమీద ఉండగా క్యాలెండర్ చూపించి వాదించకూడదు. ఒకరిని “ఒక్క నిమిషం అండీ” అని బయటికి పిలిచి, ఇంకా ఎంతసేపు పడుతుందో అడగాలి. బుకింగ్ తమదే అయినా, లోపలివారు పది నిమిషాల్లో ముగించగలిగితే ఆగడమే నయం. ముప్పావు గంట పడుతుందంటే మాత్రం గది తమ పేరున ఉందని మర్యాదగా, స్పష్టంగా చెప్పి, ఖాళీగా ఉన్న మరో గది పేరు చెప్పాలి. సామాను సర్దుకునేందుకు వారికి అయిదు నిమిషాలు ఇవ్వాలి.