పాత నంబరు, కొత్త మరమ్మతు

2022 అక్టోబరులో సర్వర్ పెట్టాలనుకున్నవారి ముందు ఉబుంటు లినక్స్ రెండు రకాలుగా ఉంది. ఏప్రిల్‌లో వచ్చిన 22.04 ఒకటి, అప్పుడే విడుదలైన 22.10 ఇంకొకటి. మొదటిది రెండేళ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాలం చూసుకునే విడుదల. దానికి ఐదేళ్లు భద్రతా సవరణలు అందుతాయి. రెండోదాని ఆయుష్షు తొమ్మిది నెలలే. అయినా చాలామంది అడ్మిన్లు పాతదాన్నే ఎంచుకుంటారు.

22.10 తీసుకున్నవారి సంగతి చూద్దాం. 2023 జులైలో దాని గడువు తీరింది. ఆలోగా 23.04కి మారాలి. అది 2024 జనవరి దాకా ఉంటుంది. తర్వాత 23.10, అది ఆ ఏడాది జులై దాకా. ఆపైన 24.04. రెండేళ్లు తిరగకుండానే మూడు అప్‌గ్రేడ్లు! వాటితోపాటు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 14 నుంచి 15కి, అక్కడి నుంచి 16కి వెళ్తుంది. సిస్టమ్ మారినంత మాత్రాన డేటా దానంతటది కొత్త వెర్షన్‌లోకి రాదు. బ్యాకప్ తీసి, సేవ ఆపి, డేటాను విడిగా తరలించి, అప్లికేషన్ సరిగా నడుస్తోందో లేదో పరీక్షించాలి. ఈ తతంగం వాయిదా వేస్తే గడువు దాటిన సర్వర్‌కి భద్రతా సవరణలు ఆగిపోతాయి. కొన్నాళ్లకు ప్యాకేజీలు పాత విడుదలల సర్వర్‌కు తరలిపోయి, `apt update` కొడితే 404 వస్తుంది. 22.04 మీదున్నవారికి ఆ రెండేళ్లలో ఈ పని ఒక్కసారి కూడా పడలేదు.

మరి పాతదాంట్లో లోపాలు అలాగే ఉండిపోవా? 2022 నవంబరు 1న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది. దాన్ని తయారుచేసేవారు 3.0.7కి మారమన్నారు. ఉబుంటువాళ్లు మాత్రం 22.04లో ఉన్న 3.0.2ని అలాగే ఉంచి, ఆ లోపాన్ని సరిదిద్దే కోడ్ ముక్కను మాత్రమే అందులోకి తెచ్చారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. కొత్త ఫీచర్లు రావు కాబట్టి, వాటితో వచ్చే కొత్త చిక్కులూ తక్కువే.

అందుకే `openssl version` కొడితే ఇప్పటికీ 3.0.2 అనే కనిపిస్తుంది. నంబరు మాత్రమే చూసే స్కానర్లు ప్రమాదమని గగ్గోలు పెడతాయి. అసలు సంగతి ప్యాకేజీ నంబరులో ఉంటుంది:

```
apt-cache policy libssl3
```

స్థాపితమైన వెర్షన్ `3.0.2-0ubuntu1.7` గానీ, దాని తర్వాతిది గానీ అయితే ఆ లోపం పూడినట్టే.

ఈ దారికీ హద్దులున్నాయి. ఐదేళ్ల హామీ ప్రధానంగా మెయిన్ విభాగంలోని ప్యాకేజీలకే. యూనివర్స్ విభాగంలోవాటికి అంత భరోసా కావాలంటే ఉబుంటు ప్రో తీసుకోవాలి. కొత్త హార్డ్‌వేర్‌కి, కొత్త భాషా వెర్షన్లకి పాత విడుదల చాలకపోవచ్చు. ఐదో ఏడు దగ్గరపడేకొద్దీ పెద్ద గంతు ఎలాగూ తప్పదు. దాన్ని కూడా తొందరపడి వేయరు. 24.04 ఏప్రిల్‌లోనే వచ్చినా, 22.04 సర్వర్లకు అప్‌గ్రేడ్ మామూలుగా చూపించేది తొలి సవరణ విడుదల 24.04.1 వచ్చాకే. మొదటి నెలల్లో బయటపడే లోపాలు ఈలోగా సర్దుకుంటాయి.