మొదటి ఫొటో ఏది?

పోచంపల్లి పట్టుచీరను ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మకానికి పెట్టాలి. ఫొటోలు ఆరు: ముడులు కట్టిన దారాలు, రంగు తొట్టి, మగ్గం, మడతపెట్టిన చీర, పరిచిన కొంగు, చీర కట్టుకున్న అమ్మాయి.

తయారైన క్రమంలోనే పేర్చాలనిపిస్తుంది. కానీ వేలితో జరుపుకుంటూ పోయేవారికి దారాల ముడులు చూడగానే ఏమీ అర్థం కావు. ఆరింటినీ గ్యాలరీలో చిన్నగా చేసి, ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. అప్పుడూ ఇదేమిటో తెలిసేది కొంగే. అదే ముందుండాలి.

కొంగు మీది డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ఎందుకని? నేయకముందే దారానికి రంగులు అద్దడం వల్ల. కాబట్టి రెండో ఫొటో ముడుల దారాలు, దగ్గరగా తీసింది. మొదటిదాన్ని దాటిపోయినవారికి ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి రెండోదాన్ని చూపిస్తుంది. అందుకే అదీ ఒంటరిగా నిలబడగలగాలి. తర్వాత రంగు తొట్టి, మగ్గం. చివర, చూసినవారు కొనాలా వద్దా అని ఆలోచించే చోట, కట్టుకున్న అమ్మాయి.

మరి మడతపెట్టిన చీర? దాన్ని తీసేసి ఒకసారి వరస చూడండి. లోటేమీ కనిపించదు, ఎందుకంటే కొంగు చెప్పినదాన్నే అది మళ్లీ చెబుతోంది. అలాంటప్పుడు వదిలేయడమే మేలు.

ఒక జాగ్రత్త. మొదటి ఫొటో కొలతే మిగతావాటికీ వర్తిస్తుంది. కొంగును అడ్డంగా తీస్తే, చివరి ఫొటోలో అమ్మాయి తలో, కుచ్చిళ్లో తెగిపోతాయి. అన్నిటినీ 4:5 నిలువు కొలతలో తీసుకుంటే ఆ చిక్కుండదు.