మూలాలు కనుక్కోకుండానే లెక్కపెట్టడం ఎలా?

x³ − 3x + 1 అనే బహుపది విలువ x = 0 దగ్గర 1, x = 2 దగ్గర 3. రెండూ ధనాత్మకమే కాబట్టి మధ్యలో మూలాలు లేవనిపిస్తుంది. అది తప్పు. 1829లో స్టర్మ్ చూపిన పద్ధతిలో బహుపదిని దాని అవకలజంతో భాగించి, శేషానికి గుర్తు మార్చి రాయాలి. ఆ భాగహారాన్నే కొనసాగించాలి. ధన స్థిర గుణకాలను వదిలేస్తే వచ్చే వరుస: x³ − 3x + 1, x² − 1, 2x − 1, 1.

0 దగ్గర గుర్తులు +, −, −, +. అంటే రెండు మార్పులు. 2 దగ్గర అన్నీ +, మార్పే లేదు. తేడా 2 కాబట్టి ఆ మధ్యలో సరిగ్గా రెండు వాస్తవ మూలాలున్నాయి.

ఎందుకంటే, x పెరుగుతూ మూలాన్ని దాటినప్పుడల్లా మొదటి రెండు పదాల మధ్య ఒక గుర్తు మార్పు పోతుంది. నడిమి పదం సున్నా అయితే దాని ఇరుగుపొరుగు గుర్తులు వ్యతిరేకంగా ఉంటాయి, అందుకే లెక్క చెదరదు. శేషానికి గుర్తు మార్చేది ఇందుకే. పునరావృత మూలాన్ని మాత్రం ఈ పద్ధతి ఒక్కసారే లెక్కిస్తుంది.