ఆర్‌ఓలో పొర, దాని కాపలా

ఆర్‌ఓ మిషన్‌లో ధార సన్నబడిందంటే, ఆర్‌ఓ పుట్టినప్పటి జబ్బే తిరగబెట్టిందన్నమాట. సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును ఆపగలదని 1950ల్లోనే తెలిసింది. కానీ దానిలోంచి నీళ్లు దిగడమే గగనమయ్యేది. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ కలిసి కొత్తరకం పొర చేశారు. పైన దట్టమైన పలుచని తొక్క, కింద స్పాంజిలాంటి మందం. ఉప్పును ఆపే పని తొక్కదే. అది పలుచనైనకొద్దీ నీళ్లు ధారాళంగా దిగాయి. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా ఊరికి ఈ పద్ధతిలోనే మంచినీళ్లు అందాయి.

1970ల్లో జాన్ కాడొట్ పాలిఅమైడ్ పూతతో ఇంకా పలుచని పొర తెచ్చాడు. ఇది తక్కువ ఒత్తిడికే ఎక్కువ నీళ్లిస్తుంది. ఈరోజు మన వంటింట్లో ఉన్నది ఈ రకమే. దీనికి గిట్టనిది క్లోరిన్. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి పొరకు ముందు కార్బన్ ఫిల్టర్, దానికీ ముందు మట్టిని పట్టే సెడిమెంట్ ఫిల్టర్ కాపలా ఉంటాయి. వాటిని ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. నీళ్లు బురదగా వస్తే ఇంకా ముందే. కాపలా సరిగా ఉంటే పొర రెండు మూడేళ్లు నిలుస్తుంది.

ధార తగ్గితే డ్రెయిన్ పైపు చూడండి. మంచినీళ్లు, డ్రెయిన్ రెండు ధారలూ తగ్గితే సెడిమెంట్ ఫిల్టర్ పూడిందనో, పంపు నీరసించిందనో అనుమానించాలి. డ్రెయిన్ జోరుగా ఉండి మంచినీళ్లే సన్నగా వస్తుంటే పొర మీద సున్నం పేరుకుని ఉండవచ్చు, లేదా డ్రెయిన్ దారిని బిగించి ఒత్తిడి నిలిపే ఫ్లో రిస్ట్రిక్టర్ పాడై ఉండవచ్చు.

రుచి మారితే టీడీఎస్ మీటరుతో కొలవాలి. వచ్చే నీళ్లు 800, పొర దాటినవి 80 అయితే తొంభై శాతం ఉప్పు ఆగినట్టే. అదే 300 చూపితే పొర పని అయిపోయింది. కొన్ని మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ మామూలు నీళ్లను కొంత కలుపుతుంది. అందుకే కుళాయి దగ్గర కాకుండా, పొర నుంచి వచ్చే సన్నపైపు తీసి కొలవాలి. అక్కడ టీడీఎస్ బాగానే ఉండి నీళ్లు వాసనేస్తుంటే చివరి కార్బన్ ఫిల్టర్ మార్చాలి, ట్యాంకు కడగాలి.

డ్రెయిన్ నీళ్లు అసలు రాకూడదనుకోకండి. ఆగిన ఉప్పును కడిగి తీసుకుపోయేది అవే. లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు పోవడం మామూలే. ట్యాంకు నిండాక కూడా ఆగకపోతేనే తేడా. అప్పుడు స్విచ్ ఆపి చూడండి. కరెంటు లేకపోయినా కారుతుంటే సోలినాయిడ్ వాల్వ్ మూసుకోవడం లేదు. స్విచ్ ఆపగానే కారడం ఆగితే ట్యాంకులో ఫ్లోట్ ఇరుక్కుని ఉంటుంది. ఈ రెంటికీ పొర మార్చి ప్రయోజనం లేదు.