ఒకవైపు మందమైన రేకు ఎక్కడ నిలుస్తుంది?

లంబకోణ త్రిభుజం ఆకారంలో కోసిన ఒక ఉక్కు రేకు తీసుకుందాం. అడుగు అంచు 60 సెంటీమీటర్లు, ఎడమవైపు నిలువు అంచు 30 సెంటీమీటర్లు. ఈ రెండూ కలిసే మూల దగ్గర లంబకోణం ఉంది, కుడివైపు చివర సన్నని మొన ఉంది. రేకు మందం అంతటా ఒకటే అయితే దాన్ని వేలి మీద ఎక్కడ నిలబెట్టాలో హైస్కూలు పిల్లలు కూడా చెప్పేస్తారు. ప్రతి శీర్షం నుంచి ఎదుటి భుజం మధ్యకు గీసిన మధ్యగత రేఖలు మూడూ కలిసే చోటే ఆ బిందువు. ఆర్కిమెడిస్ ఈ సంగతిని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే నిరూపించి పెట్టాడు. మన రేకులో ఆ చోటు లంబకోణపు మూల నుంచి అడ్డంగా 20 సెంటీమీటర్లు, పైకి 10 సెంటీమీటర్లు.

ఇప్పుడు మందం మారుద్దాం. నిలువు అంచు దగ్గర రేకు మందం 1 మిల్లీమీటరు. కుడివైపుకు పోయేకొద్దీ మందం సమంగా పెరుగుతూ మొన దగ్గర 4 మిల్లీమీటర్లు అవుతుంది. పైకీ కిందికీ మాత్రం మందంలో తేడా లేదు. ఒక నిలువు గీత వెంట ఎక్కడ కొలిచినా ఒకే మందం వస్తుంది. బరువు కుడివైపు ఎక్కువైంది కాబట్టి నిలిచే చోటు కుడికి జరుగుతుందని ఎవరైనా చెప్తారు. మరి ఎత్తు మాటేమిటి? పైకీ కిందికీ మందం మారలేదు కదా, 10 సెంటీమీటర్లు అలాగే ఉంటుందని చాలామందికి అనిపిస్తుంది. ఉండదు. ఎందుకు ఉండదో లెక్క వేస్తే తెలుస్తుంది.

అంకెలు చిన్నవిగా ఉండడానికి 10 సెంటీమీటర్లను ఒక ప్రమాణం అనుకుందాం. అప్పుడు అడుగు అంచు 6, నిలువు అంచు 3. మూల నుంచి అడ్డంగా కొలిచే దూరం x, పైకి కొలిచే దూరం y. x దగ్గర మందం మిల్లీమీటర్లలో 1 + x/2, అక్కడ రేకు ఎత్తు 3 − x/2. పదార్థం ఒకటే ఉక్కు గనక మందం ఎంతో, ఆ చోట చదరానికి బరువు కూడా అదే నిష్పత్తిలో ఉంటుంది. మారే సాంద్రత అంటే ఇక్కడ ఇదే.

ముందు క్యాలిక్యులస్ లేకుండానే చూద్దాం. రేకును ప్రమాణం వెడల్పున్న ఆరు నిలువు పట్టీలుగా ఊహించుకోండి. మొదటి పట్టీ నడుమ x = 0.5. అక్కడ మందం 1.25, ఎత్తు 2.75. గుణిస్తే సుమారు 3.44. రెండో దానికీ మూడో దానికీ 3.94 చొప్పున, నాలుగో దానికి మళ్లీ 3.44, అయిదో దానికి 2.44, చివరి దానికి 0.94 వస్తాయి. మొన దగ్గర రేకు మందంగా ఉన్నా ఎత్తు దాదాపు లేదు కాబట్టి అక్కడ బరువు తక్కువే. అన్నీ కలిపితే 18.125.

ఇక భ్రామకం. కావడి మోసేవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకవైపు కుండ బరువైతే భుజాన్ని అటువైపు జరుపుకుంటాడు, ఎందుకంటే బరువుతో పాటు అది భుజానికి ఎంత దూరంలో వేలాడుతోందన్నదీ లెక్కకు వస్తుంది. బరువును దూరంతో గుణిస్తే వచ్చేదే భ్రామకం. ఒక్కో పట్టీ బరువును దాని x తో గుణించి కలిపితే 45.625 వస్తుంది. దాన్ని మొత్తం బరువు 18.125తో భాగిస్తే 2.517, అంటే సుమారు 25.2 సెంటీమీటర్లు. ఆరే పట్టీలతో కాగితం మీద వేసిన లెక్క ఇది.

పట్టీలను ఇంకా సన్నం చేస్తూ పోతే చివరికి చేరేది ఇంటిగ్రల్. బి.టెక్ మొదటి ఏడాదిలో డబుల్ ఇంటిగ్రల్ నేర్పేటప్పుడు రెండు గుర్తులూ పక్కపక్కన రాసి నేరుగా లెక్కలోకి దూకేస్తారు. లోపలి గుర్తు ఏం చేస్తోంది, బయటిది ఏం చేస్తోందన్నది విడిగా చూపిస్తే సగం భయం అక్కడే తీరుతుందని నా అభిప్రాయం. ద్రవ్యరాశికి రాసే సూత్రం ఇలా ఉంటుంది:

M = ∫₀⁶ ∫₀^(3−x/2) (1 + x/2) dy dx

లోపలి ఇంటిగ్రల్ x ను కదలనివ్వదు. ఒకే ఒక నిలువు పట్టీ మీద కింది నుంచి పైదాకా నడిచి, దాని బరువు (1 + x/2)(3 − x/2) అని చెప్తుంది. బయటి ఇంటిగ్రల్ ఆ పట్టీలన్నిటినీ ఎడమ నుంచి కుడికి కలుపుతుంది. గుణించి చూస్తే 3 + x − x²/4, దాన్ని 0 నుంచి 6 దాకా కలిపితే 18 + 18 − 18 = 18. పట్టీల లెక్కలో వచ్చిన 18.125కు ఇది ఎంత దగ్గరో చూడండి. గ్రాముల్లో కావాలంటే, ఒక చదర ప్రమాణంలో 1 మిల్లీమీటరు మందం అంటే 10 ఘన సెంటీమీటర్ల ఉక్కు, సుమారు 78.5 గ్రాములు. రేకు మొత్తం దాదాపు 1,413 గ్రాములు తూగుతుంది.

ఇక్కడ ఒక తొందరపాటు జరుగుతూ ఉంటుంది. ఒక చివర 1, ఇంకో చివర 4 కాబట్టి సగటు మందం 2.5 అని వేసి, వైశాల్యం 9తో గుణించి 22.5 అంటారు. నిజమైన సగటు 18/9, అంటే 2 మిల్లీమీటర్లే. మందమైన మొన దగ్గర రేకు కొంచెమే ఉంది, పలచని ఎడమవైపు చాలా ఉంది.

నిలువు అంచు నుంచి కొలిచే భ్రామకానికి అదే సూత్రంలో x తో గుణిస్తే చాలు. 3x + x² − x³/4ను కలిపితే 54 + 72 − 81 = 45. భాగిస్తే 45/18 = 2.5. నిలిచే చోటు అడ్డంగా 25 సెంటీమీటర్ల దగ్గర, పాత చోటుకు 5 సెంటీమీటర్లు కుడికి వచ్చింది.

ఎత్తు కోసం x బదులు y తో గుణించాలి. లోపలి ఇంటిగ్రల్‌లో y ను కలిపితే ఎత్తు వర్గంలో సగం, (3 − x/2)²/2 వస్తుంది. దీన్ని మరో రకంగా చదువుకోవచ్చు. ఒక పట్టీలో మందం మారదు కాబట్టి దాని బరువంతా సరిగ్గా దాని సగం ఎత్తులో ఉన్నట్టే లెక్క. మొత్తం కలిపితే 15.75, దాన్ని 18తో భాగిస్తే 0.875. అంటే 8.75 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్లు కావాల్సింది ఒకటింపావు సెంటీమీటరు కిందికి దిగింది.

పైకీ కిందికీ మందంలో మార్పు లేకుండా ఇదెలా జరిగింది? ప్రతి పట్టీ బరువూ దాని సగం ఎత్తులో ఉంటుందన్నాం కదా. ఆ సగం ఎత్తు బిందువులన్నిటినీ కలిపితే ఒక సరళరేఖ వస్తుంది. అది నిలువు అంచు మధ్య నుంచి కుడి మొనకు పోయే మధ్యగత రేఖ. రేకు బరువంతా ఆ గీత మీద గుచ్చిన పూసల్లాంటిదన్నమాట. కుడివైపు పూసలు బరువెక్కితే నిలిచే చోటు ఆ గీత వెంటే జారుతుంది, గీత కుడికి పోతూ కిందికి దిగుతుంది కాబట్టి అదీ దిగక తప్పదు. సరిచూసుకుంటే, ఆ గీత మీద x = 2.5 దగ్గర ఎత్తు 1.5 − 2.5/4, అంటే 0.875. మందం x ను బట్టి మాత్రమే మారినంతకాలం, అది ఏ తీరున మారినా సరే, నిలిచే చోటు ఈ గీతను దాటిపోదు.

తప్పులు పట్టడానికి కూడా ఈ గీతే పనికొస్తుంది. పరీక్షల్లో ఎక్కువగా జరిగే తప్పు రెండు భ్రామకాలను తారుమారు చేయడం. అడుగు అంచు నుంచి కొలిచిన భ్రామకం y ని ఇస్తుంది, పేరు విని దాన్ని x కు వాడేస్తారు. అలా చేస్తే జవాబు (0.875, 2.5) వస్తుంది. ఆ బిందువు రేకు లోపలే, పైఅంచుకు ఆనుకున్నట్టుగా ఉంటుంది. లోపల ఉంది కదా అని వదిలేస్తే తప్పు దొరకదు, గీత మీద లేదని చూస్తే ఇట్టే దొరుకుతుంది. ఇంకో తప్పు, బరువుతో కాకుండా వైశాల్యంతో భాగించడం. అప్పుడు (5, 1.75) వస్తుంది. x = 5 దగ్గర రేకు ఎత్తు 0.5 మాత్రమే కాబట్టి ఆ బిందువు గాలిలో తేలుతుంది. మధ్యలో గుంట గానీ వంపు గానీ లేని త్రిభుజానికి అలా జరగడానికి వీల్లేదు.

రేకు చేతిలో ఉంటే లెక్కను నమ్మక్కర్లేదు. పై మూల దగ్గర చిన్న రంధ్రం చేసి మేకుకు వేలాడదీసి, అదే మేకు నుంచి దారానికి గుండు కట్టి వదలండి. మందం ఒకటే అయిన రేకులో ఆ దారం అడుగు అంచును సరిగ్గా మధ్యలో, 30 సెంటీమీటర్ల దగ్గర దాటుతుంది. మన రేకులో 35.3 దగ్గర దాటాలి. అయిదు సెంటీమీటర్ల తేడా కంటికే తెలిసిపోతుంది. కుడి మొన నుంచి వేలాడదీస్తే మాత్రం రెండు రేకులకూ దారం ఒకే చోట, నిలువు అంచు మధ్యలో పడుతుంది. ఆ ఒక్క మొన నుంచి చూసి మందం మారలేదనుకుంటే మోసపోయినట్టే.

ఇంతవరకూ చేసింది చూసి, పట్టీల లెక్కే చాలు కదా, రెండు ఇంటిగ్రల్స్ ఎందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మందం ఒక దిక్కులోనే మారితే నిజంగానే ఒకటి చాలు. పైకి పోయేకొద్దీ కూడా మందం మారితే మాత్రం పట్టీ బరువు దాని సగం ఎత్తులో ఉండదు. నిలువు అంచు దగ్గరి పట్టీనే తీసుకోండి, ఎత్తు 30 సెంటీమీటర్లు. అడుగున 1 మిల్లీమీటరు మందంతో మొదలై పైన 4 అయితే మందం 1 + y. లోపలి ఇంటిగ్రల్ పట్టీ బరువు 7.5 అనీ, భ్రామకం 13.5 అనీ చెప్తుంది. భాగిస్తే 1.8, అంటే 15 దగ్గర ఉండాల్సింది 18 సెంటీమీటర్లకు ఎక్కింది. ప్రతి పట్టీకీ ఈ చోటు వేరేగా మారుతుంది, ఇక సగం గీత సాయం ఉండదు. లోపలి ఇంటిగ్రల్‌కు అసలు పని అప్పుడు పడుతుంది.

మందానికి సూత్రమే లేని రేకులూ ఉంటాయి. తుప్పు తిన్న పలకే ఉదాహరణ. అప్పుడు దాని మీద చిన్న చిన్న గళ్లు గీసి, ప్రతి గడిలో మందం కొలిచి, గడి బరువును దాని x తోనూ y తోనూ విడివిడిగా గుణించి కలుపుకోవాలి. గళ్లు పెద్దవైతే అంచుల దగ్గర సగం సగం పడిన గళ్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మన రేకులోనైతే ఏటవాలు అంచు పొడవునా అవే ఉంటాయి.